చదువు రాని వాళ్లకి ఫోన్ సర్వే: పక్క పక్క ప్రశ్నలకి ఒకే జవాబు ఎందుకు వస్తోంది?

గోస్తనీ తీరం

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, శృంగవరపుకోట వైపు. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను. పొదుపు సంఘాల ఆడవాళ్లకి ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతుతో తాగునీటి గురించి ఆరు చిన్న ప్రశ్నలు అడిగే సర్వే పెట్టాం. వాళ్లలో చాలామందికి చదవడం రాదు కాబట్టి మెసేజీ పంపి లాభం లేదు. ప్రశ్న విని ఫోను మీద ఒక అంకె నొక్కితే చాలు.

300 నంబర్లకి కాల్ వెళ్లింది. 184 మంది ఎత్తారు. 121 మంది మొదటి ప్రశ్నకి జవాబిచ్చారు. ఆరూ పూర్తి చేసినవాళ్లు 88 మంది.

ఇబ్బంది మూడు, నాలుగు ప్రశ్నల దగ్గర వచ్చింది. మూడోది: "మీ కుళాయిలో నీళ్లు రోజూ వస్తే ఒకటి, రెండు మూడు రోజులకోసారి వస్తే రెండు, అసలు రాకపోతే మూడు నొక్కండి." నాలుగోది: "ఆ నీళ్లు తాగుతుంటే ఒకటి, తాగకపోతే రెండు నొక్కండి." ఆ 88 మందిలో 61 మందికి ఈ రెండు ప్రశ్నల జవాబూ ఒకే అంకె. పైగా 59 మంది నీళ్లు రోజూ వస్తున్నాయని చెప్పారు, అసలు రావన్నవాళ్లు 8 మందే. నేను స్వయంగా వెళ్లిన ఊళ్లలో పరిస్థితి అలా లేదు. మా పెద్దవాళ్లకి ఈ లెక్క ఎలా చూపించాలో తెలియక రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది. తప్పు ప్రశ్నలో ఉందా, మనుషులకి అర్థం కాలేదా, మిషన్‌లో ఉందా?

చీపురుపల్లి మేట్

అక్కా, మిషన్ తప్పు కాదు. నేను ఉపాధి పనుల దగ్గర రోజూ వీళ్లతోనే ఉంటాను. ఫోన్లో ఏది అడిగినా ఒకటే నొక్కుతారు. ఒకటి నొక్కితే కాల్ బేగి అయిపోతుందని వాళ్లకి అలవాటైపోయింది. ఒక ప్రశ్నలో అవును అంటే ఒకటి, తర్వాతి ప్రశ్నలో అవును అంటే రెండు, ఇలా అంకెలు మార్చి మార్చి పెట్టండి. వినకుండా నొక్కేవాళ్లు దొరికిపోతారు.

నాగావళి72

అమ్మా, అంకెలు ఇప్పుడే మార్చకండి. ముందు మూడు విషయాలు చూసి చెప్పండి.

ఒకటి, మూడు, నాలుగు ప్రశ్నలు మాత్రమే కాదు, ఒకటో ప్రశ్న రెండో ప్రశ్నకీ, ఐదోది ఆరోదానికీ కూడా అదే పోలిక ఉందా? రెండు మూడు మధ్య, నాలుగు ఐదు మధ్య ఆ పోలిక లేకుండా ఉందా?

రెండు, పూర్తయిన కాల్స్ అన్నీ సుమారు ఒకే నిడివి ఉన్నాయా, లేక కొన్ని సగంలోనే అయిపోయాయా?

మూడు, సర్వర్‌లో ప్రతి అంకె ఏ క్షణంలో వచ్చిందో లాగ్ ఉంటుంది. జవాబుల పట్టికలో అది కనిపించదు. ఒక కాల్‌ది తీసి ఇక్కడ పెట్టండి, ఫోను నంబరు మాత్రం చెరిపేయండి.

నేను చాలా ఏళ్లు టెలిఫోన్ లైన్ల పనిలో ఉన్నాను. మీరు చెప్పింది వింటే నాకు ఒక అనుమానం ఉంది. లాగ్ చూడకుండా చెప్పను.

కవిటి కొబ్బరితోట

ఇలాంటి కాల్ గురించి నేనూ ఒకటి అడగాలి. మా అమ్మకి నెల కిందట ఒక కాల్ వచ్చింది. పింఛను అందుతోందా, ఇచ్చిన మనిషి బాగా మాట్లాడాడా అని అడిగింది. మా అమ్మ కంగారులో రెండో ప్రశ్నకి రెండు నొక్కేసింది, అంటే బాగా మాట్లాడలేదని. అప్పటి నుంచి పింఛను ఆపేస్తారేమో అని నిద్ర పోవడం లేదు. నొక్కింది మార్చుకునే వీలుందా? ఏ నంబరుకి చెయ్యాలి?

గోస్తనీ తీరం

కవిటి అన్నా, మాది నీళ్ల సర్వే. పింఛను కాల్ మాది కాదు. ఎవరు చేశారో నాకు తెలియదు. మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుని ఒకసారి అడిగితే అమ్మగారికి ధైర్యంగా ఉంటుంది.

నాగావళి గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఒకటి రెండు కలుస్తున్నాయి, ఐదు ఆరు కలుస్తున్నాయి. రెండు మూడు, నాలుగు ఐదు కలవడం లేదు. ఇది నేను అసలు గమనించలేదు. నిడివి చూస్తే, మామూలు కాల్ రెండు నిమిషాల పైన ఉంది. కానీ 37 కాల్స్ నిమిషం దాటగానే అయిపోయాయి. అన్ని ప్రశ్నలకీ జవాబు మాత్రం ఉంది. అలాంటి ఒక కాల్‌లో ఒక ముక్క ఇది, PLAY అంటే ప్రశ్న మొదలవడం, DTMF అంటే అంకె అందడం:

```
18:42:07.120  PLAY q3
18:42:19.480  DTMF 2
18:42:19.500  PLAY q4
18:42:19.690  DTMF 2
18:42:19.710  PLAY q5
```

నాగావళి72

ఇదే నా అనుమానం. ఆవిడ రెండు అనే అంకెని ఒక్కసారే నొక్కారు. మీ మిషన్ దాన్ని రెండుసార్లు విన్నది. మొదటిది మూడో ప్రశ్నకి జవాబైంది. మిగిలినది నాలుగో ప్రశ్న మొదలవుతుండగానే వచ్చి దానికి జవాబైపోయింది. మధ్య తేడా చూడండి, 0.21 సెకను. నాలుగో ప్రశ్న చెప్పడానికే ఏడెనిమిది సెకన్లు పడుతుంది. ఆ ప్రశ్న ఆవిడ చెవిన పడనే లేదు. ఆవిడకి మూడోది అయ్యాక నేరుగా ఐదోది వినిపించింది. అంటే ఆ 37 మంది ఒకటి, మూడు, ఐదు ప్రశ్నలు మాత్రమే విన్నారు. రెండు, నాలుగు, ఆరు జవాబులు మిషన్ పుట్టించినవి.

ఎందుకిలా అవుతుందంటే, మనం అంకె నొక్కినప్పుడు రెండు స్వరాలు కలిసి మోగుతాయి. ఒకటికి 697, 1209 హెర్ట్జ్. రెండుకి 697, 1336. అడ్డ వరసకి ఒక స్వరం, నిలువు వరసకి ఒక స్వరం. ఆ జంటను బట్టి అవతలి మిషన్ అంకెను పోల్చుకుంటుంది. ఇప్పుడు కాల్ ఇంటర్నెట్ దారిలో వెళ్తున్నప్పుడు ఆ అంకెను గొంతులో కలిపి పంపవచ్చు, లేదా గొంతు నుంచి విడదీసి "రెండు నొక్కారు" అని వేరే కబురుగా పంపవచ్చు. కొన్ని లైన్లలో రెండూ వస్తాయి. మిషన్ రెండింటినీ లెక్క పెడితే ఒక నొక్కు రెండవుతుంది. మీ కాల్స్ రెండు లైన్ల మీద వెళ్లి ఉంటే, ఆ 37 దాదాపు ఒకే లైన్ మీదివి అయి ఉంటాయి. అది చూడండి.

మేట్ బాబూ, మీరన్నది అబద్ధం కాదు, అలా నొక్కేవాళ్లూ ఉంటారు. కానీ అలవాటుగా ఒకటి నొక్కే మనిషి ఒకటే నొక్కుతారు. ఇక్కడ రెండు పక్కన రెండు వచ్చింది.

ఇంకో మాట, ఇది జాగ్రత్తగా చదవండి అమ్మా. ఈ లైన్‌లో మూడో ప్రశ్నకి మూడు నొక్కిన వాళ్లు ఏమయ్యారు? నాలుగో ప్రశ్నలో మూడు అనే జవాబే లేదు కదా.

గోస్తనీ తీరం

నాలుగో ప్రశ్నకి మూడు నొక్కితే "మీరు తప్పు అంకె నొక్కారు, మళ్లీ వినండి" అని వస్తుంది. అలాగే పెట్టాం.

ఇప్పుడు అర్థమైంది. నీళ్లు రావడం లేదని నిజం చెప్పిన మనిషికి వెంటనే "మీరు తప్పు అంకె నొక్కారు" అని వినిపించింది. చదువు రాని ఆవిడ ఏమనుకుంటుంది? తనే ఏదో తప్పు చేశానని భయపడి ఫోను పెట్టేసి ఉంటుంది.

రాత్రి కూర్చుని లెక్క మళ్లీ చేస్తాను.

చీపురుపల్లి మేట్

ఇంత లోతు ఉందని తెలియదు అక్కా. కానీ అంకెలు తిప్పి పెట్టడం మంచిదేనని ఇప్పటికీ అంటాను. లేకపోతే వినకుండా నొక్కేవాళ్లని ఎలా పట్టుకుంటాం?

గోస్తనీ తీరం

లెక్క అయింది. ముందు చేసిన తప్పు ఏమిటంటే, ఆరు ప్రశ్నలూ పూర్తి చేసిన 88 మందినే లెక్కలోకి తీసుకున్నాను. మధ్యలో పెట్టేసినవాళ్లని పక్కన పడేశాను. ఇప్పుడు మూడో ప్రశ్నకి అంకె నొక్కిన ప్రతి ఒక్కరినీ తీసుకున్నాను. వాళ్లు 114 మంది. రోజూ వస్తాయన్నవాళ్లు 63, రెండు మూడు రోజులకోసారి అన్నవాళ్లు 24, అసలు రావన్నవాళ్లు 27.

మూడో ప్రశ్న తర్వాత ఫోను పెట్టేసినవాళ్లు 26 మంది. వాళ్లలో 19 మంది మూడు నొక్కినవాళ్లే. ముందు లెక్కలో నీళ్లు రావన్నవాళ్లు నూటికి 9 మంది. ఇప్పుడు నూటికి దాదాపు 24 మంది. నీళ్లు లేని ఇళ్లే లెక్కలోంచి జారిపోయాయి.

లైన్ల సంగతి కూడా చూశాను. మాకు రెండు లైన్లు ఉన్నాయి. ఆ 37లో 35 ఒకే లైన్‌వి. మిగతా రెండింటిలో తేడా సెకను పైనే ఉంది, వాళ్లు నిజంగానే రెండుసార్లు నొక్కినట్టున్నారు.

ఒకే అంకె వచ్చిన మిగతా 24 మందిని ఏం చెయ్యాలి?

నాగావళి72

వాళ్లని ముట్టుకోకండి. నీళ్లు రోజూ వస్తున్న ఇంట్లో ఆ నీళ్లు తాగడం సహజమే, రెండు ప్రశ్నలకీ ఒకటి రావడం న్యాయమే. జవాబులు కలిసినంత మాత్రాన తప్పు అనకూడదు. రెండు అంకెల మధ్య కాలం చూడాలి. ప్రశ్న వినడానికి పట్టే కాలం కంటే ముందే వచ్చిన జవాబునే కొట్టేయండి. 37 కాల్స్‌లో ఒకటి, మూడు, ఐదు జవాబులు ఉంచుకుని, రెండు, నాలుగు, ఆరు ఖాళీగా వదిలేయండి. ఖాళీలో ఊహించి ఏదీ రాయకండి.

అప్పలనాయుడు మాస్టారు

నేను రిటైర్డు టీచర్ని. గరివిడి దగ్గర చాలా ఏళ్లు వయోజన విద్య రాత్రి బడి నడిపాను. మిషన్ సంగతి నాకు తెలియదు గానీ ప్రశ్న సంగతి చెప్పగలను.

చదవడం రాని ఆడవాళ్లలో ఎక్కువమందికి అంకెలు వస్తాయి. నోటు మీద అంకె చూస్తారు, బస్సు నంబరు చూస్తారు, కూతురి ఫోను నంబరు నొక్కుతారు. కొందరు అంకెను చూసి కాదు, చోటును బట్టి గుర్తు పెట్టుకుంటారు. మధ్యలో చిన్న బొడిపె ఉన్నది ఐదు, దాని మీదది రెండు, అలా. కాబట్టి ఒకటి, రెండు, మూడు వరకు ఎవరికీ ఇబ్బంది లేదు. అవి ఒకే వరసలో ఉంటాయి. స్టార్ నొక్కండి, హ్యాష్ నొక్కండి అన్నారంటే అక్కడ ఆగిపోతారు.

అసలు కష్టం గుర్తు పెట్టుకోవడంలో ఉంది. నువ్వు కాగితం మీద చదువుతూ రాశావు తల్లీ, వాళ్లు చెవితో విని మనసులో మోయాలి. "నీళ్లు రోజూ వస్తే ఒకటి" అన్నావు, అది సరైన వరస. ముందు సంగతి, తర్వాత అంకె. చాలా కాల్స్‌లో "ఒకటి నొక్కండి, మీకు రోజూ నీళ్లు వస్తుంటే" అని అంకె ముందు వస్తుంది. వాక్యం అయిపోయేసరికి అంకె మర్చిపోతారు. చివర విన్న మాట చేతిలో ఉంటుంది, అందుకని అంకె చివరే ఉండాలి.

కానీ నీ మూడో ప్రశ్నలో మూడు సంగతులు ఒకే ఊపిరిలో ఉన్నాయి. నేనైతే దాన్ని విడగొడతాను. ముందు ప్రశ్న ఒక్కటే: "మీ కొళాయిలో నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తున్నాయి?" తర్వాత ఒక క్షణం ఆగాలి. "రోజూ వస్తే, ఒకటి నొక్కండి." మళ్లీ ఆగాలి. ఆ ఆగడంలోనే ఆవిడ తన ఇంటి సంగతి తలచుకుంటుంది. ఆగకపోతే జవాబు ఆలోచించే లోపు తర్వాతి అంకె వచ్చి మీద పడుతుంది.

మేట్ నాయనా, అవునుకి ఒకసారి ఒకటి, ఇంకోసారి రెండు అని మారిస్తే వినకుండా నొక్కేవాడు దొరకడు, విన్నవాడు కూడా తప్పుతాడు. ఒక కాల్ మొత్తం అవును అంటే ఒకటే ఉండాలి. అది రెండో ప్రశ్నకే చేతికి అలవాటవుతుంది.

నాగావళి72

మాస్టారు గారి మాటకి ఒక చిన్న చేర్పు. మేట్ అడిగిన పరీక్షకీ దారి ఉంది. సగం మందికి వెళ్లే కాల్‌లో అవును ఒకటి, కాదు రెండు. మిగతా సగం మందికి వెళ్లే కాల్‌లో మొదటి నుంచి చివరి వరకు కాదు ఒకటి, అవును రెండు. ఎవరికి ఏది వెళ్లాలో చీటీ తీసినట్టు పడాలి. ఒక మనిషికి కాల్ లోపల ఏదీ మారదు. రెండు గుంపుల్లో అవును అన్నవాళ్లు సుమారు ఒకేలా వస్తే జనం విని నొక్కుతున్నట్టే. రెండు గుంపుల్లోనూ ఒకటి అనే అంకే ఎక్కువగా ఉంటే మేట్ భయం నిజం.

చీపురుపల్లి మేట్

ఇది బాగుంది అన్నా. దీనికి ఒప్పుకుంటున్నాను.

బొబ్బిలి పద్మ

నాదొక అనుభవం. మా నానమ్మ దగ్గర చిన్న బటన్ల ఫోను ఉన్నప్పుడు ఇలాంటి కాల్స్‌కి చక్కగా నొక్కేది. మా తమ్ముడు తను వాడిన పెద్ద టచ్ ఫోను ఇచ్చాడు. ఇప్పుడు నొక్కలేకపోతోంది. చెవి దగ్గర పెట్టగానే తెర నల్లబడుతుంది. తీసి చూస్తే తెర వెలుగుతుంది గానీ అంకెలు ఉండవు. చుక్కల గుర్తు నొక్కితేనే అంకెలు వస్తాయి. ఆ గుర్తు ఏమిటో ఆవిడకి తెలియదు. ఎర్ర గుర్తు తెలుసు, దాన్ని నొక్కి కాల్ కట్ చేస్తుంది. మీ 184 మంది ఎత్తితే 121 మందే మొదటి జవాబిచ్చారు కదా అక్కా, ఆ 63 మందిలో ఇలాంటివాళ్లు ఉండి ఉంటారు.

గోస్తనీ తీరం

పద్మా, నువ్వు చెప్పాక ఆ 63లో పది మందికి నేనే మామూలుగా ఫోన్ చేశాను. ఇద్దరు ఎత్తలేదు. ముగ్గురు "కంపెనీ కాల్ అనుకుని పెట్టేశాం" అన్నారు. నలుగురు అచ్చం మీ నానమ్మ చెప్పినట్టే చెప్పారు, అంకెలు కనబడలేదట. ఒక నంబరు హైదరాబాద్‌లో పని చేసుకుంటున్న కొడుకుది. సంఘం పుస్తకంలో తల్లి పేరు పక్కన కొడుకు నంబరు ఉంది. మన వైపు వలస పోయినవాళ్ల ఇళ్లలో ఇది మామూలే కదా. అలాంటి కొడుకు ఎత్తి నీళ్ల గురించి నొక్కితే అది ఎవరి జవాబు?

నాగావళి72

కొడుకు సంగతికి, మొదటి ప్రశ్నే "మీరు ఇప్పుడు ఈ ఊళ్లో ఉంటున్నట్టయితే ఒకటి, వేరే చోట ఉంటున్నట్టయితే రెండు" అని పెట్టండి. ఊళ్లో లేనివాళ్లకి దండం పెట్టి కాల్ ముగించండి.

టచ్ ఫోనుకి పూర్తి మందు లేదు. కాల్ మొదట్లో "ఫోను చెవి నుంచి తీసి, తెర మీద చుక్కల గుర్తు నొక్కితే అంకెలు వస్తాయి" అని చెప్పి, ఎనిమిది పది సెకన్లు ఆగితే కొంతమంది అందుకుంటారు. అందుకోలేనివాళ్లకి, రెండుసార్లు అడిగినా అంకె రాకపోతే, "నీళ్లు వస్తున్నాయా లేదా నోటితో చెప్పండి" అని పది సెకన్లు గొంతు రికార్డు చేయండి. తర్వాత మీ మనిషి ఒకరు కూర్చుని విని రాసుకోవాలి. 60 రికార్డింగులు వినడానికి అరగంట చాలు. గొంతు రికార్డు చేస్తున్నామని ముందే చెప్పాలి.

ఇక మిషన్ ఒక నొక్కుని రెండుసార్లు వినడం సంగతి. సరైన మందు లైన్ ఇచ్చినవాళ్లని అడిగి, అంకెల్ని ఒకే దారిలో పంపించుకోవడం. మీ సర్వర్ ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే, మీ వైపున `dtmf_mode=rfc4733` అని ఉందో లేదో చూడండి, అంటే అంకెను గొంతు నుంచి విడదీసి వేరే కబురుగా తీసుకోవడం. అది కుదిరేవరకు ఇలా చేయండి:

```
same => n,Read(A3,q3,1,,2,8)
same => n,Playback(sare)
same => n,Read(A4,q4,1,,2,8)
```

మధ్యలో ఉన్న `sare` అంటే "సరేనమ్మా, విన్నాం" అనే రెండు సెకన్ల రికార్డు. అది మోగుతున్నంతసేపు వచ్చిన అంకెను మిషన్ పారేస్తుంది. రెండో నొక్కు అక్కడే పోతుంది, నాలుగో ప్రశ్న దాకా రాదు. ఇంకో మేలు కూడా ఉంది. బటన్ నొక్కడానికి ఫోను చెవి నుంచి తీస్తారు, మళ్లీ చెవి దగ్గర పెట్టుకునేసరికి తర్వాతి ప్రశ్న మొదటి మాట పోతుంది. ఈ రెండు సెకన్లలో ఫోను చెవికి చేరుతుంది. చివర 8 అంటే ప్రశ్న అయ్యాక ఎనిమిది సెకన్లు ఎదురు చూడడం, దాని ముందు 2 అంటే ఏమీ నొక్కకపోతే ఇంకోసారి అడగడం. పెద్దవాళ్లకి ఎనిమిది తగ్గించకండి.

"తప్పు అంకె నొక్కారు" అనే రికార్డు మొత్తం తీసేయండి. "ఇంకొకసారి చెబుతాను, వినండి" అంటే చాలు.

ఇచ్ఛాపురం ఆంటోనీ

మా వైపు పెద్దవాళ్లు ఇంట్లో ఒడియా మాట్లాడతారు. తెలుగు అర్థమవుతుంది గానీ ఫోన్లో వేగంగా చెబితే అందుకోలేరు. శ్రీకాకుళం జిల్లాకి ఈ సర్వే తెస్తే, తెలుగుకి ఒకటి అన్న మాట తెలుగులో, ఒడియాకి రెండు అన్న మాట ఒడియాలో చెప్పించండి. రెండూ తెలుగులోనే చెప్పి భాష ఎంచుకోమంటే ఎలా?

కవిటి కొబ్బరితోట

అక్కా, మీరు చెప్పినట్టు సచివాలయంలో అడిగాను. పింఛనుకి ఆ కాల్‌కి సంబంధం లేదన్నారు. అమ్మ కాస్త కుదుటపడింది.

కానీ ఒకటి చెప్పాలి. మీ సర్వే కాల్ మా అమ్మకి వచ్చినా భయంతోనే ఒకటి నొక్కుతుంది. గొంతు వినగానే సర్కారు కాల్ అనుకుంటుంది. ఏ ప్రశ్నకి ఏ అంకె మంచిదో అని ఆలోచిస్తుంది. నీళ్లు రావని చెబితే ఎవరికో కోపం వస్తుందని, పింఛను మీదకి వస్తుందని ఆవిడ భయం. దానికి మీరు ఏం చేస్తారు?

అప్పలనాయుడు మాస్టారు

ఈయన ముందు వేరే సంగతి అడుగుతున్నాడనుకున్నాను. కానీ అసలు ప్రశ్న ఇదే. మన వైపు ఫోన్లో అంకె నొక్కమనే కాల్స్ చాలా ఏళ్లుగా పార్టీలూ చేస్తున్నాయి, ప్రభుత్వాలూ చేస్తున్నాయి. జనానికి ఆ గొంతు అంటే పైనుంచి వచ్చిన గొంతు.

కాల్ మొదలు ఎలా ఉండాలంటే, తెలిసిన మనిషి పేరుతో ఉండాలి. "అమ్మా, నమస్కారం. మొన్న సంఘం మీటింగులో మీ యానిమేటరు చెప్పిన నీళ్ల కాల్ ఇదే. ఇది సర్కారు కాల్ కాదు, పార్టీ కాల్ కాదు. మీరు ఏ అంకె నొక్కినా పింఛనుకి, బియ్యం కార్డుకి ఏమీ కాదు. మీ పేరు ఎక్కడా చెప్పం." ఇంతే, ఇరవై సెకన్లు. కానీ మీటింగులో నిజంగా ముందే చెప్పి ఉండాలి. అది లేకుండా ఈ మాటలు రికార్డు చేస్తే మోసం కిందకి వస్తుంది.

బొబ్బిలి పద్మ

పింఛను అన్న మాట ఎత్తితేనే కొత్త భయం పుట్టదా మాస్టారూ? ఆలోచించని మనిషికి కూడా "ఓహో, దీనికీ పింఛనుకీ ఏదో ఉంది" అనిపిస్తుంది.

అప్పలనాయుడు మాస్టారు

అదీ నిజమే అమ్మా. కవిటి వైపు ఆ మాట చెప్పాలి, మీ వైపు అక్కర్లేదేమో. నేను గట్టిగా చెప్పలేను.

గోస్తనీ తీరం

రెండు రకాలుగా రికార్డు చేసి సగం సగం మందికి పంపి చూస్తాను.

ఈలోగా మా మేనేజరు ఒక మాట అన్నారు. మొదట్లో ఒక అభ్యాసం ప్రశ్న పెట్టాలట. "ఇది పరీక్ష, ఇప్పుడు మూడు నొక్కండి" అని. నొక్కలేనివాళ్లని అక్కడే తీసేస్తే మిగతా జవాబులు నమ్మకంగా ఉంటాయట. మీరేమంటారు?

చీపురుపల్లి మేట్

మంచి మాటే కదా. అంకె నొక్కడం రానివాళ్ల జవాబు పట్టుకుని ఏం చేస్తాం?

నాగావళి72

అభ్యాసం పెట్టండి, చెయ్యి కుదురుతుంది. కానీ తీసేయడం వద్దు. అక్కడ తప్పేవాళ్లు ఎవరు? ముసలివాళ్లు, టచ్ ఫోను కొత్తగా చేతికొచ్చినవాళ్లు, చెవి సరిగా వినబడనివాళ్లు. మిగిలేది కుర్రాళ్లూ, ఇంటి మగవాళ్లూ. ఈ సర్వే చదువు రాని ఆడవాళ్ల కోసం కదా, వాళ్లనే గుమ్మం దగ్గర ఆపినట్టవుతుంది. తప్పినా ముందుకు పంపండి, పట్టికలో పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. తర్వాత తప్పినవాళ్ల జవాబులు వేరుగా, తప్పనివాళ్లవి వేరుగా చూడండి.

చీపురుపల్లి మేట్

తప్పినవాళ్ల జవాబు తప్పే అయి ఉండొచ్చు కదా అన్నా. దాన్ని కలిపితే మొత్తం లెక్క చెడిపోదా?

నాగావళి72

చెడవచ్చు. తీసేసినా చెడుతుంది. అందుకే తప్పినవాళ్లలో కొంతమంది ఇళ్లకి వెళ్లి అదే ప్రశ్న నోటితో అడగమంటున్నాను. వాళ్లు ఫోన్లో నొక్కింది, నోటితో చెప్పింది ఎంతవరకు కలిసిందో చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి. ఇంటికి వెళ్లకుండా ఫోన్లోనే తేల్చే దారి నాకు తెలియదు.

గోస్తనీ తీరం

ఆదివారం 40 నంబర్లకి కొత్త కాల్ వేశాం. మధ్యలో "సరేనమ్మా, విన్నాం" పెట్టాం, తప్పు అంకె మాట తీసేశాం, ప్రశ్నల మధ్య ఆగాం. గొంతు మా యానిమేటరు అక్కది, జామి మండలం మాట. లాగ్‌లో రెండో నొక్కు ఇంకా వస్తూనే ఉంది గానీ అన్నీ "సరేనమ్మా" కింద పడిపోతున్నాయి. లైన్ ఇచ్చినవాళ్లు ఇంకా జవాబివ్వలేదు.

29 మంది ఎత్తారు, 21 మంది పూర్తి చేశారు. ముగ్గురు నోటితో చెప్పారు. వాళ్లలో ఒకావిడ పది సెకన్లు చాలక మాట మధ్యలో తెగిపోయింది, "కొళాయి ఉంది గానీ" అన్నదాకే ఉంది. ఆ సమయం ఇరవైకి పెంచాం.

అభ్యాసం ప్రశ్నలో ఆరుగురు తప్పారు. వాళ్ల ఇళ్లు జామిలో నాలుగు, గంట్యాడలో రెండు. బుధవారం వెళ్తున్నాను. మేట్ అన్నా, గంట్యాడ వైపు మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఉపాధి పని దిగే వేళకి వెళ్తే ఆవిడలు దొరుకుతారు కదా?

చీపురుపల్లి మేట్

ఎండాకాలం కదా అక్కా, పదకొండుకల్లా పని దిగిపోతారు. మా బావ అక్కడే మేట్. నేనూ వస్తాను, ఫోన్లో ఏం నొక్కారో నాకు ముందు చెప్పొద్దు. నేను అడిగి రాసుకున్నాక రెండూ పక్కన పెట్టి చూద్దాం.